మీల్ కార్డు వచ్చింది, చేతికొచ్చే జీతం తగ్గింది

*నమస్కారం సార్. మాది గుణుపురం. రాయగడలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేస్తున్నాను. పీఎఫ్‌లో కంపెనీ వాటా కాకుండా జీతం ఏడాదికి 12,95,000. కొత్త పన్ను పద్ధతిలో ఉన్నాను. ఏప్రిల్‌లో మా హెచ్‌ఆర్ వాళ్లు స్పెషల్ అలవెన్స్ నుంచి నెలకు 2,200 మీల్ కార్డుకి, 1,500 ఫోన్ రీయింబర్స్‌మెంట్‌కి మార్చారు. రెండింటికీ పన్ను లేదు, నెలకు 1,730 దాకా మిగులుతుంది అన్నారు. తీరా చూస్తే, ఈ మార్పు లేకపోతే పడేదానికంటే బ్యాంకులో నెలకు 2,140 తక్కువ పడుతోంది. టీడీఎస్ ఇంకా 173 కట్ అవుతోంది. కార్డు ఇక్కడి మెస్సుల్లో చెల్లడం లేదు. మధ్యాహ్నం ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోనే తింటాను, దానికి జీతంలో నెలకు 1,100 కోస్తారు. ఫోన్ బిల్లులు ఇంతవరకు పెట్టలేదు. వచ్చే ఏడాది బేసిక్ కూడా తగ్గిస్తే ఇంకా కలిసొస్తుందంటున్నారు. నేను మోసపోయానా? చాలా టెన్షన్‌గా ఉంది.*
*రాయగడ నుంచి ఒక పాఠకురాలు*

అమ్మా, మీరు ఈ 2025 అక్టోబరులోనే రాయడం మంచిదైంది. ఇదే ఉత్తరం మార్చి చివర్లో వచ్చి ఉంటే నేను చేయగలిగింది పెద్దగా ఉండేది కాదు. మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. పాత పద్ధతి కోసం తయారు చేసుకున్న లెక్కను కొత్త పద్ధతిలో ఉన్న మీకు అలాగే వేసి ఇచ్చారు. మీ రెండు మార్పుల్లో ఒకటి మీకు ఏమాత్రం పనికిరాదు. రెండోది మాత్రం, మీ జీతం ఉన్న చోటును బట్టి, మామూలు కంటే చాలా ఎక్కువ లాభం ఇస్తుంది. ఆ లాభం ఇంకా మీ చేతికి రాలేదు.

ముందు మీల్ కార్డు సంగతి. 2025-26కి వర్తించే ఆదాయపు పన్ను నియమాల్లో 3వ నియమం ప్రకారం, పని వేళల్లో కంపెనీ పెట్టే భోజనానికి పూటకు 50 రూపాయల వరకు పన్ను లేదు. ఆ భోజనం కంపెనీ ఆవరణలో పెట్టవచ్చు, లేదా హోటళ్లలో మాత్రమే చెల్లే, ఇతరులకు బదిలీ చేయడానికి వీల్లేని వోచరు రూపంలో ఇవ్వవచ్చు. మీ 2,200 అక్కడి నుంచే వచ్చింది: పూటకు 50, రోజుకు రెండు పూటలు, నెలకు 22 పనిరోజులు. ఏడాదికి 26,400. పేరోల్ చేసేవాళ్లందరికీ కంఠతా వచ్చిన అంకె ఇది.

అయితే 2020 జూన్‌లో ఈ నియమానికి ఒక సవరణ వచ్చింది. కొత్త పద్ధతి ఎంచుకున్న ఉద్యోగికి వోచరు మీద ఇచ్చే ఈ మినహాయింపు వర్తించదని అందులో చెప్పారు. కాగితపు కూపనైనా, ప్లాస్టిక్ కార్డయినా, ఫోన్‌లో యాప్ అయినా వోచరు వోచరే. కాబట్టి మీ కార్డులో పడుతున్న 2,200 మీద పన్ను లెక్క, అది స్పెషల్ అలవెన్స్‌గా ఉన్నప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. మీ హెచ్‌ఆర్ కాగితం దాన్ని మినహాయింపుగా చూపించింది. పేరోల్ సాఫ్ట్‌వేరు మాత్రం నియమం ప్రకారం దాన్ని జీతంలో కలిపింది. మీకు ఇంకా కట్ అవుతున్న 173 రూపాయల టీడీఎస్‌కి మూలం ఆ తేడాయే.

అంటే ఆ డబ్బు మీద పన్ను భారం అలాగే ఉంది, పైగా అది కార్డులో చిక్కుకుంది. అదే 2,200 బ్యాంకులో పడితే కూరగాయలకో పాలకో వాడుకునేవారు. మీ ఊళ్లో మెస్సులవాళ్లు క్యూఆర్ కోడ్ పెట్టుకుంటారు కానీ, కార్డు గీసే మిషను పెట్టుకోరు. నా దగ్గరికి వచ్చే పర్లాకిమిడి, గుణుపురం వాళ్లందరిదీ ఇదే గొడవ. భువనేశ్వర్‌లోనో విశాఖలోనో ఉండేవాళ్లకు ఈ కార్డు ఖర్చు పెట్టడం కష్టం కాదు, మన దగ్గర అదే పెద్ద పని. పన్ను లాభం ఉంటే ఆ ఇబ్బంది పడవచ్చు. మీకు ఆ లాభం లేదు కాబట్టి వచ్చే నెల నుంచి కార్డు ఆపించి, ఆ 2,200 తిరిగి స్పెషల్ అలవెన్స్‌లో కలపమని అడగండి. దానివల్ల మీ పన్ను ఒక్క రూపాయి కూడా పెరగదు. కార్డులో ఇప్పటికే ఉన్న డబ్బు నగదుగా తిరిగి రాదు. గడువు తేదీ చూసుకుని, విశాఖ వెళ్లినప్పుడో, ఫోన్‌లో భోజనం తెప్పించుకున్నప్పుడో వాడేయండి.

ఇప్పుడు ఫోన్. ఇది వేరే సంగతి. ఉద్యోగి తరఫున కంపెనీ నిజంగా భరించిన టెలిఫోన్ ఖర్చు, మొబైల్‌తో సహా, పన్ను లెక్కలో సున్నా విలువగా తీసుకోవాలని అదే 3వ నియమం చెబుతుంది. పూటకు 50 లాంటి పరిమితి దీనికి లేదు. వోచర్లకు పెట్టినట్టు కొత్త పద్ధతివాళ్లకు అడ్డు కూడా పెట్టలేదు. ఆఫీసు కాల్స్ ఎన్ని, ఇంటి కాల్స్ ఎన్ని అని విడదీసి చూపమని కూడా అడగదు. అడిగేదల్లా ఒక్కటే, ఆ ఖర్చు నిజంగా జరిగి ఉండాలి, కంపెనీ దాన్ని భరించి ఉండాలి. అందుకే బిల్లు కావాలి. బిల్లు లేకుండా ప్రతి నెలా జీతంలో 1,500 ఫోన్ అలవెన్స్ అని వేస్తే, పేరులో ఫోన్ ఉన్నా అది పన్ను పడే జీతమే.

మీ జీతానికి ఇది ఎందుకంత ముఖ్యమో లెక్క వేసి చూపిస్తాను. ఇది 2025-26 ఆర్థిక సంవత్సరం లెక్క. 12,95,000 నుంచి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 12,20,000 మిగులుతుంది. కొత్త పద్ధతిలో పన్ను పడే ఆదాయం 12 లక్షలకు మించకపోతే 87ఎ కింద రిబేటు వచ్చి పన్ను మొత్తం పోతుంది. మీరు ఆ గీత దాటి 20,000 అవతల ఉన్నారు. స్లాబుల ప్రకారం చూస్తే మీ పన్ను 63,000. అయితే గీత దాటిన కొద్దిపాటి ఆదాయానికి అంత పన్ను వేయడం అన్యాయమని చట్టంలో ఒక ఊరట పెట్టారు. గీత దాటిన ఆదాయం ఎంతో, పన్ను అంతకు మించకూడదు. దీన్ని మార్జినల్ రిలీఫ్ అంటారు. మీరు దాటింది 20,000 కాబట్టి పన్ను 20,000, దాని మీద 4 శాతం సెస్సు 800, మొత్తం 20,800. హెచ్‌ఆర్ మార్పు చేయకపోతే ఈ ఏడాది నెలకు 1,733 పడేది. హెచ్‌ఆర్ వాళ్లు మిగులుతుందని చెప్పింది ఈ 1,733నే.

ఈ ఊరటకు ఇంకో వైపు కూడా ఉంది. గీత దాటాక మీకు వచ్చే ప్రతి రూపాయీ సెస్సుతో కలిపి రూపాయి నాలుగు పైసల పన్నుగా పోతుంది. అలాగే అక్కడి నుంచి మీరు తగ్గించుకునే ప్రతి రూపాయీ రూపాయి నాలుగు పైసల పన్నును తగ్గిస్తుంది. నెలకు 1,500 చొప్పున ఏడాదికి 18,000 ఫోన్ బిల్లులు నిజంగా చూపగలిగితే మీ ఆదాయం 12,02,000కి దిగుతుంది. అప్పుడు పన్ను 2,000, సెస్సుతో 2,080. 18,000 బిల్లులకు మిగిలే పన్ను 18,720. జీతం 14 లక్షలు ఉన్న మీ సహోద్యోగి అవే 18,000 బిల్లులు పెడితే మిగిలేది 2,808 మాత్రమే, ఎందుకంటే ఆయనకు పడేది 15 శాతం స్లాబు, దాని మీద సెస్సు. ఇక జీతం 12,75,000 లోపు ఉన్నవాళ్లకు, వేరే ఆదాయం లేకపోతే, ఎలాగూ పన్ను లేదు. వాళ్లకు ఏ కార్డూ ఏ బిల్లూ పన్ను మిగల్చదు. ఈ రూపాయికి రూపాయి లాభం అందుకునేది ఇంచుమించు 12,75,000కీ 13,45,000కీ మధ్య ఉన్న మీలాంటివాళ్లే.

నెలకు 173 టీడీఎస్ అంటే ఏడాదికి 2,080. మీరు ఏడాదంతా 18,000 బిల్లులు పెడతారని సాఫ్ట్‌వేరు ముందే అనుకుని పన్ను కోస్తోందన్నమాట. మీరేమో ఒక్క బిల్లూ పెట్టలేదు. అందుకే కంపెనీ ఆ 1,500 మీకు ఇవ్వకుండా తన దగ్గర ఉంచుకుంది. బ్యాంకులో 2,140 ఎందుకు తగ్గిందో ఇప్పుడు చూడండి. కార్డుకి వెళ్లింది 2,200, బిల్లుల కోసం ఆగింది 1,500, కలిపి 3,700. టీడీఎస్ 1,733కి బదులు 173 అయింది కాబట్టి 1,560 వెనక్కి వచ్చింది. తేడా సరిగ్గా 2,140.

ఇలాగే మార్చి దాకా వదిలేస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. చాలా కంపెనీలు క్లెయిమ్ చేయని రీయింబర్స్‌మెంట్‌ను మార్చి జీతంలో పన్ను పడే అలవెన్స్‌గా ఇచ్చేస్తాయి. మీకు ఒకేసారి 18,000 వస్తుంది. దాంతోపాటు మీ ఏడాది పన్ను మళ్లీ 20,800 అవుతుంది. అప్పటికి 11 నెలల్లో కట్ అయింది దాదాపు 1,900 కాబట్టి, మిగతా 18,900 మార్చి జీతంలోనే కోస్తారు. చేతికొచ్చిన 18,000 మొత్తం పోయి, ఇంకో 900 జీతంలోంచి పోతుంది. మార్చి పే స్లిప్ పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చే వాళ్లలో చాలామంది కథ ఇదే.

కాబట్టి ఈ వారమే బిల్లులు బయటికి తీయండి. అయితే 1,500 అనేది కంపెనీ ఇచ్చిన పరిమితి మాత్రమే. మీకు వచ్చేది బిల్లులో ఉన్నంతే. మొబైల్ పోస్ట్‌పెయిడ్‌కి జీఎస్టీతో నెలకు 530, ఇంటి ఫైబర్ కనెక్షన్‌కి 570 అవుతుంటే మీ అసలు ఖర్చు 1,100. ఇంటర్నెట్ బిల్లు విషయంలో కాస్త జాగ్రత్త. నియమంలో టెలిఫోన్ అనే మాట ఉంది, ఇంటర్నెట్ అనే మాట లేదు. ల్యాండ్‌లైన్ నంబరుతో కలిసి వచ్చే ఫైబర్ బిల్లును చాలా కంపెనీలు టెలిఫోన్ బిల్లుగానే తీసుకుంటాయి. మీ కంపెనీ పాలసీలో ఏం రాశారో హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి. కొత్త ఫోన్ కొన్న బిల్లు, దాని ఈఎంఐ ఇందులో పెట్టకండి, అది వస్తువు ధర. పరిమితి నింపడం కోసం ఇంట్లోవాళ్ల బిల్లులు, ఎవరో చేసిచ్చిన బిల్లులు అసలే పెట్టకండి. దొరికితే పన్ను, వడ్డీ, జరిమానా మీ మీద పడతాయి, ఉద్యోగంలో మాట కూడా పడతారు.

ఇంకొకటి, సిమ్ ఎవరి పేరు మీద ఉందో ఇవాళే చూసుకోండి. ఈ విషయం నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ప్రాక్టీసు పెట్టకముందు నేను ఒక కంపెనీ అకౌంట్స్‌లో పనిచేసేవాణ్ణి. నా నంబరు చదువుకునే రోజుల్లో పార్వతీపురంలో మా నాన్నగారి పేరు మీద తీసుకున్నది. ఏడాదంతా బిల్లులు దాచుకుని మార్చిలో ఒకేసారి పెడితే, పేరు కలవలేదని అన్నీ వెనక్కి పంపారు. అకౌంట్స్‌లో ఉండి కూడా ఆ చిన్న విషయం చూసుకోలేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది. సరిహద్దు ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. ఇంటర్ చదువుకో ఇంజనీరింగుకో ఆంధ్ర వైపు వెళ్లినప్పుడు నాన్న ఆధారో మావయ్య ఆధారో ఇచ్చి సిమ్ తీసుకుంటాం, తర్వాత ఉద్యోగానికి ఒడిశా వస్తాం, నంబరు మాత్రం అదే. ఇద్దరి గుర్తింపు కార్డులూ తీసుకుని ఆ నెట్‌వర్కు వాళ్ల స్టోరుకి వెళ్తే నంబరు మారకుండానే పేరు మారుస్తారు. ప్రీపెయిడ్ అయితే, కంపెనీ రీచార్జ్ రసీదులు తీసుకుంటుందో లేదో ముందే తెలుసుకోండి. పోస్ట్‌పెయిడ్ బిల్లు తప్ప ఒప్పుకోని కంపెనీలు ఉన్నాయి. అలాంటప్పుడు నంబరును పోస్ట్‌పెయిడ్‌కి మార్చుకోవడమే మేలు.

పాత నెలల బిల్లులు నెట్‌వర్కు యాప్‌లో దొరుకుతాయి, ఏప్రిల్ నుంచి అన్నీ దించుకోండి. ఒకే ఆర్థిక సంవత్సరంలోని బిల్లులను కొంత ఆలస్యంగా తీసుకోవడం మామూలే. కానీ క్లెయిమ్ పోర్టల్ ఏ తేదీకి మూస్తారో కంపెనీని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల ఫిబ్రవరిలోనే మూసేస్తారు.

నెలకు 1,100 చొప్పున 12 నెలలకు 13,200 క్లెయిమ్ అయితే మీ ఆదాయం 12,06,800. పన్ను సెస్సుతో 7,072. కార్డు ఉన్నా తీసేసినా ఇదే. 20,800తో పోలిస్తే 13,728 మిగిలింది. 12 లక్షల గీతకు ఇంకా 6,800 పైన ఉన్నారు.

ఆ 6,800 తగ్గించే దారి మీ ఉత్తరంలోనే ఉంది, మీ ఫ్యాక్టరీ క్యాంటీన్. 2020 సవరణ ఆపింది వోచర్లను. కంపెనీ తన ఆవరణలో పెట్టే భోజనానికి పూటకు 50 వరకు ఉన్న మినహాయింపును అది తాకలేదు, కొత్త పద్ధతిలో కూడా అది ఉంది. కానీ మీకు ఇప్పుడు ఆ మినహాయింపు రావడం లేదు. జీతం మొత్తం మీకు వచ్చినట్టు చూపించి, దాని మీద పన్ను లెక్క కట్టి, తర్వాత 1,100 కోస్తున్నారు. అంటే మీ డబ్బుతో మీరు భోజనం కొనుక్కుంటున్నారు. నియమం అడిగేది కంపెనీ పెట్టే భోజనం. జీతం మార్చే ఉద్దేశం కంపెనీకి నిజంగా ఉంటే మార్చాల్సింది ఇది. స్పెషల్ అలవెన్స్‌ను నెలకు 1,100 తగ్గించి, ఆ మేరకు మధ్యాహ్న భోజనం కంపెనీయే పెడుతున్నట్టు జీతం ఉత్తర్వులో రాయాలి, పే స్లిప్‌లో కోత వరస తీసేయాలి. మీరు తినేది అదే భోజనం, మీకయ్యే ఖర్చూ అంతే. పన్ను పడే జీతం మాత్రం 1,100 తగ్గుతుంది. ఒక పూట భోజనానికి కంపెనీకి 50 మించి పడుతుంటే, మించినది మీ జీతంలో కలుస్తుంది. మీకు 22 రోజులకు 1,100 కోస్తున్నారంటే పూటకు సరిగ్గా 50 వేసినట్టే ఉంది, కానీ క్యాంటీన్ కాంట్రాక్టులో కంపెనీ తన జేబులోంచి ఇంకేమైనా కలుపుతోందేమో అడగండి. టీ, బిస్కట్ల లాంటి తేలికపాటి ఫలహారాన్ని ఈ 50లో లెక్కపెట్టరు.

నవంబరు నుంచి అలా మార్చినా మార్చి వరకు 5 నెలలు, 5,500 అవుతుంది. ఫోన్ 13,200, భోజనం 5,500 తీసేస్తే మీ ఆదాయం 12,01,300. పన్ను 1,300, సెస్సుతో 1,352. అక్టోబరు వరకు 7 నెలలకు మీకు ఇప్పటికే 1,211 కట్ అయి ఉంటుంది. అంటే మిగిలిన ఐదు నెలలకూ కలిపి కట్టాల్సింది 141 రూపాయలు. ఒకవేళ క్యాంటీన్ మార్పుకి కంపెనీ ఒప్పుకోకపోతే ఏడాది పన్ను 7,072 దగ్గరే ఆగుతుంది. అప్పుడు టీడీఎస్‌ను ఇప్పటి నుంచే నెలకు 1,170 దాకా పెంచమనండి, మార్చిలో ఒక్కసారిగా బరువు పడదు.

ఈ లెక్క మొత్తం జీతం ఒక్కటే మీ ఆదాయం అనుకుని వేసింది. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉండి ఏడాదికి 10,000 వడ్డీ వస్తే అది కూడా 12 లక్షల గీత పైకి చేరుతుంది, మీకు 10,400 పన్ను పెరుగుతుంది. పొదుపు ఖాతా వడ్డీకి పాత పద్ధతిలో ఉండే మినహాయింపు కొత్త పద్ధతిలో లేదు. కంపెనీకి చెప్పకపోతే ఇది టీడీఎస్‌లో రాదు, రిటర్న్ వేసేటప్పుడు ఒకేసారి బయటపడుతుంది.

పాత పద్ధతికి మారితే మీల్ కార్డుకి కూడా పన్ను పోతుంది కదా అని ఎవరైనా చెప్పవచ్చు. పోతుంది, కానీ మీకు అది నష్టం. పాత పద్ధతిలో మీ పన్ను 20,800కి దిగాలంటేనే ఇంటద్దె, పీఎఫ్, బీమా, ఇంటి అప్పు వడ్డీ అన్నీ కలిపి స్టాండర్డ్ డిడక్షన్‌తో సహా దాదాపు 7.5 లక్షల మినహాయింపులు చూపించాలి. గుణుపురంలో సొంతిల్లు, రాయగడలో చిన్న అద్దె అనుకుంటే మీకు అంత కుదరదు. పాత పద్ధతిలో నిజంగా లాభం ఉండి 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు ఈ కార్డు ఏడాదికి 8,237 మిగులుస్తుంది, అదీ పూర్తిగా వాడుకునే చోట ఉంటే. మీ హెచ్‌ఆర్ కాగితం వాళ్ల కోసం రాసింది.

వచ్చే ఏడాది బేసిక్ తగ్గిస్తామంటున్నారు కదా, దానికి మాత్రం సంతకం పెట్టేముందు బాగా ఆలోచించండి. మీ పీఎఫ్‌ను చట్టం చెప్పిన 15,000 మీద కాక, పూర్తి బేసిక్ మీద కడుతున్నారేమో పే స్లిప్‌లో చూడండి. అలా కడుతుంటే, బేసిక్‌ను 6,000 తగ్గించగానే మీ వాటా నెలకు 720, కంపెనీ వాటా 720 తగ్గుతాయి. చేతికొచ్చే జీతం పెరిగినట్టు కనిపిస్తుంది. పెరిగింది మీ పీఎఫ్‌లోకి వెళ్లాల్సిన మీ సొమ్మే. పైగా సీటీసీ మారకూడదని కంపెనీ తన 720ని స్పెషల్ అలవెన్స్‌లో కలుపుతుంది. పీఎఫ్‌లో ఉన్నంతకాలం పన్ను పడని ఆ డబ్బు ఇప్పుడు పన్ను పడే జీతం అవుతుంది. ఏడాదికి 8,640. మీరు 12 లక్షల గీత మీద ఉన్నారు కాబట్టి, ఈ ఏడాది రేట్లతో లెక్కేస్తే దాని మీద పన్ను 8,986. ఫోన్ బిల్లులతో మిగుల్చుకున్నదాంట్లో మూడింట రెండు వంతులు ఆ ఒక్క మార్పుతో పోతుంది. గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే లెక్క కడతారు కాబట్టి అదీ తగ్గుతుంది. బేసిక్‌ను ముట్టుకోవద్దని నా గట్టి మాట. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వస్తుంది. భోజనం, ఫోన్ విషయంలో కూడా వచ్చే ఏడాదికి ఈ అంకెల్నే పట్టుకోకుండా, ఏప్రిల్‌లో కంపెనీ ఇచ్చే కాగితాన్ని అప్పటి నియమాలతో మళ్లీ సరిచూసుకోవాలి.

హెచ్‌ఆర్‌కి ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో రాయండి. కోపంగా రాయాల్సిన పని లేదు, వాళ్లకు కూడా ఇది సరిదిద్దుకోవాల్సిన తప్పే, కొత్త పద్ధతిలో ఉన్న మీ సహోద్యోగులందరికీ ఇదే జరుగుతూ ఉంటుంది. ఇలా రాస్తే సరిపోతుంది: "నేను కొత్త పన్ను పద్ధతిలో ఉన్నాను. ఈ పద్ధతిలో మీల్ వోచరుకు మినహాయింపు లేదు కాబట్టి నవంబరు నుంచి మీల్ కార్డు ఆపి ఆ మొత్తాన్ని స్పెషల్ అలవెన్స్‌లో కలపగలరు. ఏప్రిల్ నుంచి నా పేరు మీద ఉన్న టెలిఫోన్ బిల్లులు జతచేస్తున్నాను, నెలకు 1,100 చొప్పున క్లెయిమ్ లెక్కలోకి తీసుకుని టీడీఎస్ సవరించగలరు. క్యాంటీన్ భోజనానికి జీతంలో కోయడానికి బదులు, స్పెషల్ అలవెన్స్ ఆ మేరకు తగ్గించి కంపెనీ ఇచ్చే భోజనంగా చూపడానికి వీలవుతుందా తెలియజేయగలరు."

నవంబరు పే స్లిప్ రాగానే మూడు చోట్ల చూడండి. మీల్ కార్డు వరస పోయి స్పెషల్ అలవెన్స్ 2,200 పెరిగి ఉండాలి, క్యాంటీన్ మార్పుకి కూడా ఒప్పుకుంటే 1,100 మాత్రమే పెరుగుతుంది, కోత వరస కనిపించదు. పాత బిల్లుల డబ్బు, 7 నెలలకు 7,700, విడిగా రీయింబర్స్‌మెంట్ కింద పడి ఉండాలి. ఆదాయపు పన్ను అంచనా పేజీలో ఏడాది జీతంలోంచి ఆ ఫోన్ మొత్తం తీసేసి ఉండాలి. అది తీయకపోతే డబ్బు మీకు వచ్చినా పన్ను మాత్రం తగ్గలేదని అర్థం. జూన్‌లో ఫారం 16తో పాటు ఫారం 12బిఎ కూడా ఇమ్మని అడగండి. అందులో ఉచిత భోజనం అనే వరస ఉంటుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు కార్డులో పడిన 15,400 పన్ను పడే మొత్తంగా అక్కడో, లేకపోతే జీతం మొత్తంలోనో ఒక్కసారే ఉండాలి. రెండు చోట్లా కనిపిస్తే మాత్రం రిటర్న్ వేయకముందే ఆ కాగితాలు తీసుకుని బరంపురం రండి.